తరగతి గది అనుభవాన్ని రెండు వాక్యాలకు కుదించమనడం సరికాదు

"ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్‌లో మాస్టర్స్‌కు ఎస్‌ఓపీ రాసేటప్పుడు తరగతి గది సంగతులు రెండు వాక్యాల్లో ముగించండి, అవి బీఈడీ స్థాయివి. మార్కులు ఎంత పెరిగాయో చెబితే చాలు. పరిశోధన ఆసక్తి మాత్రం జాతీయ విద్యా విధానం లాంటి పెద్ద అంశమై ఉండాలి, దానికి ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్ పేరు ఒకటి జోడించాలి."

కోర్సులో ఎందుకు చేరాలనుకుంటున్నామో చెప్పే దరఖాస్తు వ్యాసం, అంటే ఎస్‌ఓపీ, రాసేవారికి ఇచ్చే సలహా ఇది. ఇందులో మొదటి మాటలో కొంత నిజం ఉంది. పాఠం ఎలా చెప్పామన్న దగ్గరే ఆగిపోయిన అనుభవం బోధన పద్ధతి గురించినదే తప్ప నాయకత్వం గురించినది కాదు. అయితే దానికి మందు ఆ అనుభవాన్ని కుదించడం కాదు, తరగతి గుమ్మం దాటించి ముందుకు నడిపించడం. ఉపాధ్యాయుడి చేతిలో ఉన్న అధికారం ఎక్కడ ముగిసిందో, అక్కడి నుంచి ఎవరి నిర్ణయం అవసరమైందో చూపిన చోటే ఈ కోర్సుకు సంబంధించిన ప్రశ్న పుడుతుంది.

విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి లెక్కలు చెప్పే ఉపాధ్యాయురాలు తన ముసాయిదాను నాకు చూపించారు. తరగతిలో 42 మంది ఉంటే, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు 17 మందికి రాలేదు. ఆవిడ రోజూ పీరియడ్‌లో మొదటి 15 నిమిషాలు పిల్లలను వారి స్థాయిని బట్టి జట్లుగా కూర్చోబెట్టి నేర్పారు. ముసాయిదా అక్కడే, పిల్లలు నేర్చుకున్నారన్న వాక్యంతో ముగిసింది. పక్క సెక్షన్‌లో ఏం జరిగిందని నేను అడిగినప్పుడు అసలు విషయం బయటపడింది. అక్కడి ఉపాధ్యాయుడికి కూడా ఈ పద్ధతి నచ్చింది కానీ, ఇద్దరి లీజర్ పీరియడ్లు ఎన్నడూ ఒకే సమయంలో పడకపోవడంతో ఒకరి తరగతిని మరొకరు చూడనే లేదు. తరువాత హెచ్‌ఎం వేరే అవసరం కోసం టైమ్‌టేబుల్ సవరించినప్పుడు, లెక్కల ఉపాధ్యాయులు ముగ్గురికీ గురువారం ఐదో పీరియడ్ ఖాళీ అయింది. రెండు నెలలపాటు వారు పిల్లల నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని, ఎవరు ఏ మెట్టు దగ్గర తప్పుతున్నారో కలిసి చూసుకున్నారు. ముగ్గురిలో ఒకరు డెప్యుటేషన్ మీద వెళ్లగానే ఆ ఏర్పాటు ఆగిపోయింది.

ఆవిడ పరిశోధన ఆసక్తి ఇక్కడే ఉంది: ఉపాధ్యాయులు కలిసి నేర్చుకునే సమయాన్ని హెచ్‌ఎం టైమ్‌టేబుల్ నిర్ణయాలు ఎలా కల్పిస్తాయి, సిబ్బంది మారినా ఆ ఏర్పాటు నిలవాలంటే ఏం ఉండాలి? ఈ ప్రశ్న తీసివేతల దగ్గర మొదలైంది కాబట్టే నమ్మదగినదిగా ఉంది.

మార్కుల సంగతికి వస్తే, కొన్ని నెలల తరువాత 17 మందిలో 11 మంది ఆ లెక్కలు చేయగలిగారని ఆవిడ రాశారు. ఆ అంకె ఉండవలసిందే. కానీ అది తన పద్ధతి ఫలితమేనని తేల్చి చెబితే, చదివేవారు అక్కడే ఆగిపోతారు. మొదటి పరీక్షలో అట్టడుగున ఉన్నవారి మార్కులు రెండోసారి ఎలాగూ కొంత పెరిగే అవకాశం ఉంది. కొందరు ట్యూషన్‌కు వెళ్లి ఉండవచ్చు. పక్క సెక్షన్‌కు అదే పరీక్ష పెట్టలేదు. ఈ పరిమితిని ఒక్క వాక్యంలో ఒప్పుకోవడం వల్ల అభ్యర్థి విలువ తగ్గదు. ఆధారాన్ని తూచగల మనిషని తెలుస్తుంది.

పెద్ద అంశమే కావాలన్నది నాకు అన్నిటికంటే ఎక్కువ హాని చేసే సలహాగా కనిపిస్తుంది. జాతీయ విద్యా విధానం మొత్తాన్ని మాస్టర్స్‌లో ఎవరూ పరిశోధించలేరు. రెండు మూడు పాఠశాలల టైమ్‌టేబుళ్లు సేకరించి, హెచ్‌ఎంలతోనూ ఉపాధ్యాయులతోనూ మాట్లాడి, కొన్ని నెలల్లో ముగించగలిగినంతే ఆ స్థాయి ప్రశ్న. విధానాన్ని వదిలేయనక్కరలేదు, దాని చోటు మారాలి. ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధి ఉండాలని 2020 నాటి ఆ విధానం చెబుతోంది. ఆ గంటల్లో కొన్నయినా బడి వేళల్లోనే, తోటివారి మధ్యనే ఎలా దొరుకుతాయన్న చోట గాజువాక గురువారం పీరియడ్‌కూ విధానానికీ ముడి పడుతుంది.

ప్రొఫెసర్ పేరు వారి పనితో మనకున్న పేచీనో పొత్తునో చెప్పగలిగినప్పుడే ఉపయోగపడుతుంది. ఉదాహరణకు, ప్రధానోపాధ్యాయులు ఉపాధ్యాయుల అభ్యసనాన్ని ప్రోత్సహిస్తూ తామూ అందులో పాల్గొనడానికి విద్యార్థుల ఫలితాలతో అత్యంత బలమైన సంబంధం ఉందని విద్యా పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్, మరో ఇద్దరు 2008లో ప్రచురించిన విశ్లేషణ చూపింది. అందులోని అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావి. గాజువాక ఉపాధ్యాయురాలి హెచ్‌ఎం ఆ గురువారాల్లో ఒక్కసారీ కూర్చోలేదు, సమయం మాత్రమే ఇచ్చారు. అదొక్కటీ సరిపోతుందా అని ఆవిడ కొత్త ముసాయిదాలో రాసుకున్నారు. చిన్నప్పటి కల గురించి రాసిన అర పేజీ తీసేసి, ఆ ప్రశ్నను మొదటి పేరాలోకి తెచ్చారు.