కాపురానికి పనికిరాని నాలుగు సలహాలు

“మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికం వద్దు, తప్పు కనిపిస్తే మొహం మీదే అనెయ్యాలి. చెయ్యని తప్పుకు తల వంచితే అలుసైపోతాం. ఒకరినొకరు వెక్కిరించుకునే చనువు ఉంటేనే అది కాపురం. గొడవ ముదిరిందా, ఎవరో ఒకరు నోరు కుట్టేసుకోవాలి. అంతకు మించిన మందు లేదు.”

ఈ సలహాల సందేశం నాకు పంపినవాళ్ళలో కొత్తగా పెళ్ళైనవాళ్ళూ ఉన్నారు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళూ ఉన్నారు. అందరూ మంచి మనసుతోనే పంపారు. దంపతులతో కూర్చుని మాట్లాడించడమే నా పని. వాళ్ళు నా దాకా వచ్చేసరికి తరచుగా ఈ నాలుగూ ఇంట్లో బాగా అలవాటైపోయి ఉంటాయి. అందుకే ఒక్కొక్కదానికీ జవాబు రాస్తున్నాను.

ముందు ఒక జంట గొడవ చూడండి. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. కరెంటు బిల్లు గడువు దాటిపోయింది. కడతానన్నది అతను.

“నువ్వెప్పుడూ ఇంతే. ఒక్క పనీ బాధ్యతగా చెయ్యవు.”

“ఆఫీసులో నాకు ఊపిరాడట్లేదు. అంత గుర్తున్నదానివి నువ్వు కట్టకూడదా?”

“అబ్బో! తమరొక్కరే ఉద్యోగం చేస్తున్నారు పాపం.”

అతను ఫోను తీసుకుని స్క్రీన్ చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఇంకో రెండు మాటలంది. అతను తల ఎత్తలేదు.

మొత్తం కలిపి అర నిమిషం. నింద, ఎదురు సమర్థన, చులకన, మొండిమౌనం నాలుగూ వరసగా వచ్చేశాయి. ఈ నాలుగింటినీ ఇలా విడదీసి చూపించినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్. 1970ల నుంచి ఆయన, సహచరుడు రాబర్ట్ లెవెన్‌సన్ దంపతులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ మధ్య నిజంగా తేలని విషయమే మాట్లాడుకోమనేవారు. మాట్లాడుతుంటే వీడియో తీసేవారు, గుండె వేగం కొలిచేవారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆ జంటలు ఏమయ్యాయో కనుక్కునేవారు.

ఇక మొదటి ముక్క. దాపరికం వద్దన్నంతవరకూ నాకు పేచీ లేదు. చిక్కంతా ‘తప్పు’ అనే మాటలో ఉంది. బిల్లు కట్టకపోవడం ఒక తప్పు. బాధ్యత లేకపోవడం ఒక మనిషి స్వభావం. మొదటిదాని గురించి అడిగితే ఫిర్యాదు, రెండోదాని గురించి అంటే నింద. ఫిర్యాదుకు జవాబుంటుంది, రేపే కట్టేయొచ్చు. ‘నువ్వు అలాంటివాడివి’ అన్నదానికి ఎవరైనా ఏం జవాబు చెబుతారు? తెలుగులో ఈ గీత దాటామని పట్టించే మాటలు కొన్ని ఉన్నాయి: ఎప్పుడూ, ఏనాడైనా, ఒక్కసారైనా, అసలు నీకు. ఇవి నోట్లోకి వచ్చాయంటే బిల్లు పక్కకు పోయి మనిషి బోనెక్కినట్టే.

బదులుగా అనవలసింది మూడు ముక్కలే. ఏం జరిగింది, దానివల్ల నాకెలా ఉంది, నాకేం కావాలి. “బిల్లు గడువు నిన్నటితో అయిపోయింది. కరెంటు తీసేస్తారేమోనని నాకు కంగారుగా ఉంది. ఈ రాత్రికి కట్టేస్తావా?” ఇందులో ఆమె దాచిందేమీ లేదు, పైగా మొదటిసారి అసలు విషయం బయటికొచ్చింది. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. “నువ్వు బాధ్యత లేనివాడివని నాకు అనిపిస్తోంది” అంటారు. ‘నాకు’ తగిలించినంత మాత్రాన నింద ఫిర్యాదైపోదు.

మొదటి వాక్యం గురించి ఇంత చాదస్తం ఎందుకంటారా? 1999లో గాట్‌మన్, సిబిల్ కారేర్ ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కొత్తగా పెళ్ళైన 124 జంటల వాదనలను రికార్డు చేసి, ఆరేళ్ళు గమనించారు. ఎవరు విడిపోతారన్న తేడా వాదనలోని మొదటి మూడు నిమిషాల్లోనే కనబడింది. కటువుగా మొదలైన మాట మధ్యలో మెత్తబడడం కష్టం.

రెండోది చిన్నది. ఎవరూ చెయ్యని తప్పుకు తల వంచమనడం లేదు. కానీ పై గొడవలో అతను చేసినదేమిటో చూడండి. గడువు మర్చిపోయింది అతనే, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఆఫీసును అడ్డం పెట్టాడు, తర్వాత తప్పును ఆమె మీదికే తిప్పాడు. ఆమెకు వినబడింది మాత్రం ‘నీ బాధ నా లెక్కలో లేదు’ అని. తన వాటా ఎంతో అంతే ఒప్పుకుంటే సరిపోయేది. “అవును, గడువు నేనే మర్చిపోయాను.” అక్కడ ఆగాలి. ఆగడమే కష్టం, ఎందుకంటే వెంటనే ‘కానీ’ వస్తుంది, ఆ ‘కానీ’ ముందు మాటను మింగేస్తుంది. ఆఫీసు కష్టం నిజమే కావచ్చు, దాన్ని ఓ పది నిమిషాలాగి చెబితే ఆమె వినే స్థితిలో ఉంటుంది. అలుసైపోతామన్న భయం నేనూ పడ్డవాడినే. మా ఇంట్లో ‘అవును’ అన్న రోజున గొడవ సాగదీయడానికి అవతలివాళ్ళకు ఇంకేమీ దొరకలేదు.

వెక్కిరింత దగ్గర నేను గట్టిగానే మాట్లాడతాను. గాట్‌మన్ పరిశీలనల్లో విడిపోవడాన్ని అన్నిటికంటే బలంగా సూచించినది ఈ చులకన భావమే. సరదాకూ దీనికీ తేడా ఒక్కటి: సరదాగా అన్నప్పుడు ఇద్దరూ నవ్వుతారు. చులకనలో ఒకరు మెట్టు పైకెక్కి కిందికి చూస్తారు. పెదవి ఒక పక్కకు వంకర పోతుంది, కళ్ళు పైకి తిరుగుతాయి, అవతలివాళ్ళ గొంతును అనుకరిస్తారు. మన భాషలో దీనికి ఇంకో ఆనవాలు ఉంది. రోజూ ‘నువ్వు’ అనే మనిషి ఉన్నట్టుండి ‘తమరు’ అంటుంది, ‘మహారాణి గారు’ అంటాడు. గౌరవ వాచకం పెరిగిన కొద్దీ గౌరవం తరగడం అంటే ఇదే. పై గొడవలో ఆమె ‘తమరు’ అన్న క్షణం నుంచి బిల్లు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇది ఒక్కరోజులో పుట్టదు. చెప్పకుండా మింగిన ఫిర్యాదులు పులిసి ఇలా బయటికొస్తాయి. అందుకే దీనికి విరుగుడు గొడవలోనే దొరకదు. గొడవలో చెయ్యగలిగింది వెటకారం వెనకున్న మాటను నేరుగా చెప్పడం: “నేనూ అలిసిపోయే వస్తున్నాను, అది ఎవరికీ కనబడట్లేదనిపిస్తోంది.” మిగతా పని గొడవ లేని రోజుల్లో జరగాలి. అతను పొద్దున్నే లేచి చేసిన పనిని ఆమె, ఆమె గుర్తుపెట్టుకుని చేసిన ఫోన్‌ను అతను పేరు పెట్టి మెచ్చుకోవడం. నిలకడగా ఉన్న జంటల్లో వాదన మధ్యలో కూడా ఒక చేదు మాటకు ఐదు మంచి స్పందనలు కనిపించాయని గాట్‌మన్ లెక్క. తల ఊపడం, చిన్న నవ్వు, ‘సరే, అది నిజమే’ అనడం కూడా ఇందులోకి వస్తాయి. ఇది చూసి వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళను చూశాను. దయచేసి అలా చెయ్యకండి.

చివరిది అన్నిటికంటే తెలివైన సలహాలా కనిపిస్తుంది, అందుకే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఫోనులోకి తల దూర్చిన అతన్ని చూసి ఆమె ‘రాయిలా కూర్చున్నాడు, చీమ కుట్టినట్టయినా లేదు’ అనుకుంది. గుండె వేగం కొలిచే తీగలు పెట్టి చూస్తే సంగతి వేరు. ఇలా గోడలా మారినవాళ్ళకు చాలాసార్లు లోపల గుండె దడదడలాడుతూ ఉంటుంది. కూర్చున్న మనిషికి గుండె వేగం నిమిషానికి 100 దాటిందంటే ఒళ్ళు ప్రమాదంలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. విన్నది తలకెక్కదు, ఎదుటి మనిషి మొహంలో బాధ కూడా దాడిలాగే కనిపిస్తుంది. గాట్‌మన్ అధ్యయనాల్లో ఇలా మూసుకుపోయినవాళ్ళలో సుమారు 85 శాతం మగవాళ్ళు. ఆ మౌనం అతనికి రక్షణ, ఆమెకు మాత్రం మొహం మీద తలుపు వేసినట్టు. ఆమె గొంతు పెంచుతుంది, అతను ఇంకా బిగుసుకుంటాడు.

అలాగని ఆ స్థితిలో బలవంతంగా మాట్లాడించినా లాభం లేదు. ల్యాబ్‌లో ఒకసారి వాదన మధ్యలో యంత్రం సరిచెయ్యాలన్న సాకుతో జంటలను ఆపి, అరగంట పత్రికలు తిరగేయమన్నారు. గొడవ ఊసెత్తొద్దన్నారు. మళ్ళీ మొదలుపెట్టేసరికి గుండె వేగం తగ్గింది, మాటలూ మెత్తబడ్డాయి. అంటే పనిచేసింది విరామం. విరామానికీ మొండిమౌనానికీ తేడా ఏమిటంటే, విరామం అడిగి తీసుకుంటారు, ఎప్పుడు తిరిగొస్తారో చెబుతారు.

మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టండి. 25 దాటిందా, ఇక ఆపాలి. “నాకు తల పనిచెయ్యట్లేదు. అరగంట ఆగి నేనే వస్తాను” అనాలి. 20 నిమిషాలకు తక్కువైతే ఒళ్ళు చల్లబడదు, ఒక రోజు దాటితే అది శిక్షే అవుతుంది. ఆ సమయంలో నడవొచ్చు, స్నానం చెయ్యొచ్చు, బట్టలు మడతపెట్టొచ్చు. ‘నన్నంత మాట అంటుందా’ అని మనసులో తిప్పుకుంటూ కూర్చుంటే మాత్రం గంటైనా గుండె దిగదు. ఎవరు విరామం అడిగారో వాళ్ళే మళ్ళీ మొదలుపెట్టాలి. ఇది తప్పిన ఇళ్ళలో ‘తర్వాత మాట్లాడదాం’ అన్నది రెండోసారికే నమ్మని మాటైపోతుంది.

రెండు హద్దులు చెప్పి తీరాలి. ఈ నాలుగూ ఉంటే విడాకులు ఖాయమని, 90 శాతానికి పైగా కచ్చితంగా జోస్యం చెప్పొచ్చని కూడా ప్రచారంలో ఉంది. ఆ అంకెలు ఎక్కువగా ఫలితం తెలిసిన జంటల మీదే సూత్రం కట్టి వేసినవి. కొత్త జంటల మీద పరీక్షించకుండా అది జోస్యం కాదని ఇతర పరిశోధకులు 2001లోనే ఎత్తిచూపారు. సుఖంగా ఉన్న ఇళ్ళలోనూ ఈ నాలుగూ అప్పుడప్పుడు తొంగిచూస్తాయి, తర్వాత ఎవరో ఒకరు వచ్చి సర్దుకుంటారు. రెండోది, ఇంట్లో చెయ్యి లేస్తుంటే, మాట్లాడాలంటేనే భయమేస్తుంటే ఇది మాట తీరు సమస్య కాదు. అక్కడ మెత్తగా మొదలుపెట్టడం గురించి నేను ఒక్క మాటా చెప్పను, ముందు భద్రంగా బయటపడే దారి చూడాలి.

ఆ జంట నాలుగు నెలల తర్వాత ఇంకో గడువు దాటించింది. ఈసారి మర్చిపోయింది ఆమె. అతను ‘నువ్వెప్పు...’ దాకా వచ్చి ఆగాడట. “ఇన్సూరెన్స్ గడువు నిన్నటితో అయింది, నాకు భయంగా ఉంది” అన్నాడు. ఆమె “నేను కట్టాల్సిందే, మర్చిపోయాను” అంది. అయినా గొంతులు లేచాయి. తొమ్మిదింటికి అతను అరగంట అడిగి మేడ మీదికి వెళ్ళాడు. తొమ్మిదిన్నర దాటి ఐదు నిమిషాలైంది, ఆమె గడియారం చూస్తూ కూర్చుంది. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడిందట.