మంట శానిటైజర్‌ది, తప్పు సబ్బుది

విశాఖ ఉక్కపోతలో చేతులు ఎండి పగలడమేమిటని చాలామంది అనుకుంటారు. చేతి ఎగ్జిమాకు చలిగాలే అక్కర్లేదు, సబ్బునీళ్లు చాలు. రోజుకు 20 సార్లకు మించి చేతులు కడిగినా, రెండు గంటలకు మించి తడిలో ఉంచినా చర్మానికి ముప్పేనని వైద్యుల లెక్క. వార్డు నర్సుకు ఆ 20 సగం డ్యూటీలోనే అయిపోతాయి.

ఐసీయూలో పనిచేసే ఓ స్టాఫ్ నర్సు సంగతే చూద్దాం. మొదట ఉంగరం కింద, వేళ్ల సందుల్లో ఎర్రబడింది. తర్వాత సన్నగా చీలికలు వచ్చాయి. శానిటైజర్, అంటే ఆల్కహాల్ హ్యాండ్ రబ్ వేస్తే భగ్గుమంటోందని, అది పడటం లేదనుకుని సబ్బుకు మారింది. రెండు వారాల్లో చీలికల్లోంచి రక్తం కనిపించింది. చాలా ఆస్పత్రుల్లో నర్సులు చేసేది ఇదే. నిజానికి సబ్బు చర్మంలోని నూనెను కడిగేసి నీళ్లతో పంపేస్తుంది. ఆల్కహాల్ ఆరిపోయాక ఆ నూనె చాలావరకు చర్మం మీదే మిగులుతుంది, పైగా రబ్‌లో గ్లిజరిన్ ఉంటుంది. మంట అంటే సాధారణంగా అలర్జీ కాదు, అప్పటికే చర్మం చీలిందన్న కబురు. కంటికి మురికి, రక్తం కనిపించినప్పుడూ, విరేచనాల రోగిని చూశాకా సబ్బు తప్పదు. మిగతా వేళల్లో రబ్బే మేలు.

పనికి ముందు పూసే బారియర్ క్రీముల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మామూలు మాయిశ్చరైజర్ కన్నా అవి ఎక్కువ కాపాడతాయనడానికి ఆధారాలు బలంగా లేవు. వాసన లేని చిక్కటి క్రీము, లేదంటే పెట్రోలియం జెల్లీ, డ్యూటీ దిగాకా పడుకునే ముందూ వేళ్ల సందులు వదలకుండా రాస్తే చాలు.

గ్లోవ్స్ చేతులు పూర్తిగా ఆరాకే వేసుకోవాలి. తడి చేతికి తొడిగితే మన ఊరి చెమట కూడా తోడై లోపల చర్మం నానిపోతుంది. వంటవాళ్లకైతే నూలు గ్లోవ్స్ లోపల, రబ్బరువి పైన. దురద మణికట్టు దాకా, గ్లోవ్ అంచు గీత దగ్గరే ఆగితే రబ్బరులోని రసాయనాలను అనుమానించాలి. కుడిచేతివాటం వంటమనిషికి ఎడమ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలే పగిలితే వెల్లుల్లిని అనుమానించాలి, ఎందుకంటే రెబ్బను పట్టుకునేది ఆ వేళ్లే. రెండింటికీ, అనుమానించిన పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే ప్యాచ్ టెస్టే తేల్చేది.

పుండు రేగినప్పుడు మందుల షాపులో ఇచ్చే మూడు మందుల కలగలుపు ట్యూబు వద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది. ఒక్క చేతికే పొలుసులు లేచి, పాదాల్లోనూ ఉంటే అది తామర కావచ్చు, స్టెరాయిడ్‌తో ఇంకా ముదురుతుంది. ఎగ్జిమానే అని డాక్టరు తేల్చాక, ఆయన రాసిన బలమైన స్టెరాయిడ్‌ను చూపుడువేలి కొస కణుపంత పిండితే ఒక చేతి రెండు వైపులకూ సరిపోతుంది. రోజుకోసారి, రెండు నుంచి నాలుగు వారాలు రాయాలి. పైకి మానినట్టు కనిపించినా లోపలి పొర గట్టిపడటానికి ఇంకా వారాలు పడుతుంది. అక్కడే చాలామంది మందూ క్రీమూ రెండూ మానేసి మళ్లీ మొదటికొస్తారు.

పగిలిన చేతిలో స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా సులువుగా గూడు కట్టుకుంటుంది, అక్కణ్నుంచి రోగికి చేరుతుంది. అందుకే సింకు పక్కన సబ్బుతో పాటు క్రీము డిస్పెన్సర్ కూడా పెట్టించాల్సింది ఆస్పత్రి యాజమాన్యమే. చేతులు రసి కారుతున్న నర్సును మానేదాకా తడి తగలని పనికి మార్చాలి, ఆ రోజులకు జీతం కోయకుండా.