ఆ 1,265 రూపాయలు ఎటు పోయాయి?

జనవరి 5న ఒక ఈక్విటీ ఫండ్‌లో నెలకు పది వేల చొప్పున సిప్ మొదలుపెట్టిన కొత్త మదుపరి ఒకరున్నారనుకుందాం. మరుసటి ఏడాది మార్చి 5 నాటికి పదిహేను వాయిదాలు పూర్తయ్యాయి. కట్టింది లక్షన్నర. మార్చి 20న డబ్బు అవసరపడి యాప్ తెరిస్తే విలువ 1,59,500 రూపాయలని చూపించింది. ఏడాది లోపు తీస్తే ఒక శాతం ఎగ్జిట్ లోడ్ ఉంటుందని ఆయనకు తెలుసు. సిప్ మొదలుపెట్టి పద్నాలుగు నెలలు దాటింది కదా అన్న ధీమాతో మొత్తం రెడీమ్ చేశారు. ఖాతాలో పడింది 1,58,233 రూపాయలు.

యాప్‌లో కనిపించే విలువ నిన్నటి ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర ప్రకారం వేసింది. మధ్యాహ్నం మూడు గంటల లోపు ఇచ్చిన అభ్యర్థనకు ఆ రోజు సాయంత్రం తేలే ఎన్‌ఏవీ వర్తిస్తుంది కాబట్టి, అటో ఇటో కొంత తేడా ఎలాగూ వస్తుంది. ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండడానికి ఎన్‌ఏవీ 55 రూపాయల దగ్గరే నిలిచిందనుకుందాం. అయినా 1,267 రూపాయలు తగ్గాయి. అందులో రెండు రూపాయల లోపు సెక్యూరిటీల లావాదేవీల పన్ను. మిగతా 1,265 ఎగ్జిట్ లోడే.

పొరపాటంతా ఏడాదిని ఎక్కడి నుంచి లెక్కించాలన్న దగ్గరే జరిగింది. గడువు సిప్‌కు కాదు, వాయిదాకు. ప్రతి వాయిదాతో వచ్చిన యూనిట్లకు, అవి కేటాయించిన తేదీ నుంచి విడిగా ఏడాది నడుస్తుంది. మార్చి 20 నాటికి ఏడాది నిండినవి మొదటి జనవరి, ఫిబ్రవరి, మార్చి వాయిదాలు మాత్రమే. ఎన్‌ఏవీ 50 ఉన్నప్పుడు కొన్న ఆ మూడింటికీ కలిపి సుమారు 600 యూనిట్లు. తర్వాతి పన్నెండు వాయిదాల 2,300 యూనిట్లకు ఇంకా గడువు తీరలేదు. యూనిట్‌కు 55 రూపాయల మీద ఒక శాతం, అంటే 55 పైసలు. 2,300 యూనిట్లకు 1,265 రూపాయలు.

ఒక శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ శాతం వేసేది లాభం మీద కాదు, తీసుకునే విలువ మీద. ఈ మదుపరికి వచ్చిన లాభం మొత్తం 9,500. అందులో 1,265 అంటే పదమూడు శాతానికి పైగా లోడుకే పోయింది. నష్టంలో ఉండి తీసినా లోడు తప్పదు. ఇక గడువు తీరని యూనిట్ల మీద వచ్చిన లాభానికి స్వల్పకాలిక పన్ను వేరే. దాన్ని ఫండ్ సంస్థ కోయదు, రిటర్నులో మనమే చూపి కట్టాలి.

ఆయనకు నిజంగా కావాల్సింది ముప్పై వేలే అయితే పైసా లోడు పడేది కాదు. పాక్షికంగా తీసినప్పుడు ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. ఏడాది నిండిన 600 యూనిట్ల విలువే 33,000. అందుకే ‘రెడీమ్ ఆల్’ నొక్కే ముందు ఫోలియో స్టేట్‌మెంట్‌లో వాయిదాల తేదీలు చూసుకోవాలి. ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కు స్విచ్ చేసినా రెడెంప్షన్‌గానే లెక్కిస్తారన్నది చాలామంది మరిచిపోయే సంగతి. అన్ని పథకాలకూ ఏడాదే గడువు కూడా కాదు. లిక్విడ్ ఫండ్లలో ఏడో రోజు నుంచి లోడు ఉండదు. కొన్ని పథకాలు కొంత శాతం యూనిట్లను గడువు లోపే లోడు లేకుండా తీసుకోనిస్తాయి. ఏ పథకానికి ఏది వర్తిస్తుందో దాని సమాచార పత్రంలో ఉంటుంది.

ఈ లోడు ఫండ్ సంస్థ జేబులోకి పోతుందన్నది మరో అపోహ. ఒకప్పుడు ఆ సొమ్ములో కొంత సంస్థల ఖర్చులకు పోయేది. 2012 నుంచి సెబీ నిబంధన ప్రకారం అది తిరిగి పథకంలోకే జమవుతోంది. తొందరగా వెళ్లేవారికి డబ్బివ్వడానికి షేర్లమ్మితే అయ్యే ఖర్చు మిగిలినవారి నెత్తిన పడుతుంది కాబట్టి, కొంతలో కొంత పరిహారమన్నమాట. ఈ ఏర్పాటును తప్పుపట్టాల్సిన పని లేదని మా అభిప్రాయం.

అసలు నిలదీయాల్సింది స్టేట్‌మెంట్‌లో ఎక్కడా రూపాయల్లో కనిపించని కోతను. దాని పేరు ఎక్స్‌పెన్స్ రేషియో. నిర్వహణ రుసుము, యూనిట్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్ ఖర్చులు, రెగ్యులర్ ప్లాన్ అయితే పంపిణీదారు కమీషన్, అన్నీ ఇందులోనే. దీన్ని డబ్బు తీసేటప్పుడు కోయరు. ఏడాది శాతాన్ని రోజులకు పంచి, ప్రతి రోజూ పథకం ఆస్తుల్లోంచి తీసేసిన తర్వాతే ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. మన మదుపరి చూసిన 55 రూపాయలు ఆ కోత పోగా మిగిలినదే. ఆ ఫండ్ రేషియో 1.8 శాతమనుకుంటే, లక్షా యాభై తొమ్మిది వేల మీద రోజుకు ఎనిమిది రూపాయల దాకా. మొదటి వాయిదా నుంచి చివరి రోజు వరకు కలిపితే దాదాపు 1,700. ఆయన్ను కంగారుపెట్టిన ఎగ్జిట్ లోడు కన్నా ఇదే ఎక్కువ! లోడు ఒక్కసారితో పోతుంది, ఇది ఉన్నన్నాళ్లూ పోతూనే ఉంటుంది.

2013 జనవరి నుంచి ప్రతి పథకానికీ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉండాలి. పెట్టుబడులు అవే, నిర్వాహకుడూ ఆయనే, ఎన్‌ఏవీలు మాత్రం వేరు. రెండింటి మధ్య తేడా ఒక శాతమనుకుని చూడండి. లక్ష రూపాయలు ఏటా 12 శాతం పెరిగితే ఇరవై ఏళ్లకు సుమారు 9.65 లక్షలు, 11 శాతమైతే 8.06 లక్షలు. సలహా ఇచ్చి, కాగితాలు చూసి, మార్కెట్ పడినప్పుడు తొందరపడొద్దని ఆపే పంపిణీదారు ఉంటే ఆ కమీషన్ దండగేమీ కాదు. సంతకం పెట్టించుకుని మళ్లీ ఫోన్ ఎత్తనివారి సంగతే వేరు.

డైరెక్ట్‌కు మారాలనుకున్నా ఉన్నదంతా ఒకే రోజు మార్చేస్తే లోడూ పన్నూ రెండూ మీద పడే ప్రమాదముంది. ఏడాది నిండడానికి పది నెలలుంటే, ఆగితే అదనపు ఖర్చుగా పోయేది ఒక శాతంలో ఆరింట అయిదు వంతులు, ఆగకపోతే లోడుగా పూర్తి శాతం. కొత్త వాయిదాలను డైరెక్ట్‌లో మొదలుపెట్టి, పాతవాటిని గడువు తీరేకొద్దీ మార్చుకోవడమే మేలు.

పంపిణీదారుకు ఎంత కమీషన్ ముట్టిందో ఆరు నెలలకోసారి వచ్చే ఉమ్మడి ఖాతా స్టేట్‌మెంట్‌లో రూపాయల్లో చూపాలని సెబీ 2016లోనే ఆదేశించింది. అదే స్టేట్‌మెంట్‌లో ఎక్స్‌పెన్స్ రేషియో మాత్రం శాతంగానే ఉంటుంది. దాన్నీ రూపాయల్లో వేయించాలి. అలాగే రెడీమ్ బటన్ పక్కన ‘ఈ రోజు తీస్తే ఇంత లోడు, లోడు లేకుండా ఇంతవరకు తీసుకోవచ్చు’ అని ఒక వరుస తప్పనిసరి చేయాలి. ఏ యూనిట్ ఏ తేదీన కేటాయించారో రిజిస్ట్రార్ల దగ్గర ఇప్పటికే ఉంది. డబ్బు తీసిన తర్వాత అదే లెక్క వేసి 1,265 కోసుకోగలిగినవారు, తీయకముందు దాన్ని తెర మీద చూపలేరా?