ఎర్రబడ్డ ఫోటోలో రంగులు ఇంకా ఉన్నాయి

"పాత ఫోటో బాగుచేయడం ఐదు నిమిషాల పని. ఫోన్‌తో ఒక ఫోటో తీయండి, ఆటో కాంట్రాస్ట్ నొక్కండి. ఎర్రబడిపోయిన కలర్ ఫోటో అయితే బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, ఆ రంగులు ఎలాగూ తిరిగి రావు. గీతలు పోవాలంటే డస్ట్ అండ్ స్క్రాచెస్ ఫిల్టర్ వేస్తే చాలు."

పాత ఫోటోల గురించి తరచూ వినిపించే సలహా ఇది. ముందు అందులో రంగుల సంగతి చెప్తాను. రంగులు తిరిగి రావన్న మాట నమ్మి చాలామంది మంచి ఫోటోలను చేజేతులా పాడుచేసుకుంటున్నారు.

పాత కలర్ ప్రింట్‌లో నీలి ఆకుపచ్చ (సయాన్), మెజెంటా, పసుపు అనే మూడు రంగుల పొరలుంటాయి. బీరువాలో, ఆల్బమ్‌లో చీకట్లో ఉన్న ప్రింట్లలో సాధారణంగా సయాన్ ముందు వెలిసిపోతుంది. ఎరుపును ఆపే పొర అదే కాబట్టి ఫోటో మొత్తం ఎర్రబారుతుంది. అంటే ఎరుపు కొత్తగా వచ్చి చేరలేదు, దాన్ని ఆపేది తగ్గింది. తగ్గిందే కానీ చాలా ఫోటోల్లో పూర్తిగా పోలేదు.

మా అత్తయ్యా మామయ్యా 1981లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో దిగిన ఫోటో చూడండి. వెనక తెల్లటి అసెంబ్లీ భవనం ఉంది. స్కాన్‌ను GIMP అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి Colors > Levels కి వెళ్లి, Channel దగ్గర ఒక్కో రంగూ మార్చి చూశాను. 0 అంటే ఆ రంగు అసలు లేనట్టు, 255 అంటే నిండుగా ఉన్నట్టు అనే లెక్కలో చెప్పాలంటే ఎరుపు 112 నుంచి 238 మధ్య ఇరుక్కుపోయింది. ఆకుపచ్చ 48 నుంచి 225, నీలం 66 నుంచి 205. మామయ్య నల్లటి జుట్టు ఇటుక రంగులో కనిపించడానికి కారణం ఆ 112. ఒక్కో చానల్‌లో ఎడమ స్లయిడర్‌ని అక్కడి గ్రాఫ్‌లోని గుట్ట మొదలయ్యే చోటికి, కుడిదాన్ని అది ముగిసే చోటికి జరిపితే జుట్టు నల్లబడింది, భవనం తెల్లబడింది. ఆ తర్వాత కూడా ముఖాలు కాస్త గులాబీగా ఉంటే ఎరుపు చానల్‌లో మధ్య స్లయిడర్‌ని కొంచెం కదిలించాలి. అప్పుడు చర్మాన్ని చూసి అంచనా వేయకండి, కళ్లు మోసపోతాయి. తెల్ల చొక్కానో, సున్నం గోడనో చూడండి. జుట్టులో పాయలు కనిపించకుండా నల్ల ముద్దలా మారితే ఎడమ స్లయిడర్‌ని ఎక్కువ జరిపారని అర్థం.

ఫోటోషాప్‌లోని ఆటో కాంట్రాస్ట్ మూడు రంగుల్నీ కలిపి సాగదీస్తుంది, అందుకే ఆ ఎరుపు అలాగే ఉంటుంది. ఎలాగైనా బ్లాక్ అండ్ వైటే కావాలంటే ఇరుక్కుపోయిన ఎరుపు చానల్‌ను కలపకుండా ఆకుపచ్చ చానల్ ఒక్కటే తీసుకోండి. ఇలాంటి ఫోటోలో వివరం ఎక్కువగా మిగిలేది అక్కడే.

ఫోన్ ఎందుకు చాలదో ఆ ఎరుపు లెక్కలోనే తెలుస్తుంది. మామూలు JPEGలో 112 నుంచి 238 దాకా ఉండేవి 127 మెట్లే. వాటిని 256కి సాగదీస్తే గోడలు, ఆకాశం లాంటి నున్నటి చోట్ల చారలు పడతాయి. పైగా ఫోన్ తనంతట తాను రంగులు సరిదిద్దేసి ఇస్తుంది. అమీర్‌పేటలోనో కోఠిలోనో షాపులో స్కాన్ చేయిస్తే 600 dpi, 48-bit, TIFF అని అడగండి, 48-bitలో మెట్లు చాలా ఎక్కువ; ఆటో కరెక్షన్లన్నీ తీసేయమనండి. 4x6 ఫోటో ఫైల్ దాదాపు 50 MB వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా పంపించుకోకండి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

ఇక గీతలు. డస్ట్ అండ్ స్క్రాచెస్ ఫిల్టర్ ఒక్కో చుక్కనూ చుట్టుపక్కల చుక్కల మధ్యస్థ విలువతో మార్చేస్తుంది. గీత ఏదో, కనుబొమ్మ వెంట్రుక ఏదో దానికి తెలియదు. గీత చెరిగేంత గట్టిగా ఫోటో మొత్తం మీద వేస్తే అంతే సన్నగా ఉన్న జరీ పోగులు, గాజుల అంచులు కూడా పోతాయి. అత్తయ్య ఫోటోలో గీత చెంప మీదుగా చీర అంచు దాకా దిగింది. లేయర్‌ని డూప్లికేట్ చేసి, 200 శాతం జూమ్‌లో, గీత కన్నా కాస్త వెడల్పైన బ్రష్‌తో చిన్న చిన్న ముక్కలుగా చెరిపాను. చెంప మీద, చుట్టూ ఉన్న రంగుతో కలిపేసే Heal టూల్ సరిపోయింది. చీర అంచు దగ్గర Heal వాడితే పక్క రంగు పాకి మసక మరక పడుతుంది, కాబట్టి అక్కడ ఉన్నదున్నట్టు నకలు వేసే Clone టూల్ తీసుకుని, అదే అంచు మీద కొంచెం పైనున్న జరీ నుంచి నమూనా తెచ్చాను. ఒకే మచ్చ రెండు మూడు చోట్ల కనిపిస్తుంటే నమూనా చోటు మార్చాలి.

గరుకు కాగితం మీద వేసిన ప్రింట్ అయితే ఫోటోని 180 డిగ్రీలు తిప్పి రెండోసారి స్కాన్ చేయండి. రెండో స్కాన్‌ని మళ్లీ తిప్పి మొదటిదాని మీద సరిగ్గా కూర్చోబెట్టి, పై లేయర్ Opacity 50 పెడితే కాగితం మెరుపు చాలావరకు తగ్గుతుంది. వెలుగు రెండుసార్లూ ఒకే పక్క నుంచి పడదు కదా.

కనుపాప మీద పొర లేచిపోయి తెల్ల కాగితం బయటపడితే మాత్రం ఏ స్లయిడరూ దాన్ని తిరిగి తేలేదు. అదే మనిషి, అదే వయసులో, అదే వైపు చూస్తున్న ఇంకో ఫోటో ఉంటే అందులోంచి కన్ను తెచ్చి అతికించవచ్చు. లేకపోతే ఆ మచ్చని అలాగే ఉంచండి. ఊహించి గీసిన కన్ను ఆ మనిషిది కాదు.