ఇన్‌వాయిస్ ఉంది, సరుకు వెళ్లిందా? గాజువాక ఇనుము అమ్మకాల ఆడిట్‌లో అసలు పరీక్ష

అమ్మకం జరిగిందని చెప్పడానికి ఒక ఇన్‌వాయిస్ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే రెండు నిమిషాల్లో ఇన్‌వాయిస్ తయారవుతుంది. టర్నోవర్ చూసి బ్యాంకు లిమిట్ పెంచుతుంది కాబట్టి, మార్చిలో అమ్మకాలు కాస్త ఎక్కువ చూపించాలన్న ఒత్తిడి ఏ వ్యాపారి మీదైనా ఉంటుంది. అందుకే మన దేశంలో పాటించే ఆడిటింగ్ ప్రమాణం ఎస్.ఏ. 240, ఆదాయం లెక్కలో మోసం జరిగే ప్రమాదం ఉందని ముందే అనుకుని పని మొదలుపెట్టమంటుంది. అలా అనుకోనక్కర్లేదని ఆడిటర్ భావిస్తే, కారణం కాగితం మీద రాసి పెట్టాలి.

విశాఖలో చాలామందికి తెలిసిన వ్యాపారంతోనే ఇది చూద్దాం. గాజువాక ఆటోనగర్‌లో ఇనుప రాడ్లు అమ్మే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ఏడాది అమ్మకాలు 60 కోట్లు, ఇన్‌వాయిస్‌లు 900. పేరు లేని ఈ కంపెనీ, అందులోని అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవే. పరీక్ష చేసే పద్ధతి మాత్రం ఆడిటర్లు నిజంగా వాడేదే.

900 ఇన్‌వాయిస్‌లనూ చూడటం కుదరదు. అందులో కొన్నింటిని ఎంచుకోవాలి. ఇక్కడ మొదటి నిర్ణయం, ఎక్కడ నుంచి ఎంచుకోవాలన్నది. అమ్మకం నిజమా అని తేల్చాలంటే సేల్స్ లెడ్జర్ నుంచే తీసి, అక్కడి నుంచి సరుకు వైపు వెళ్లాలి. డెలివరీ చలాన్ల ఫైల్ తెరిచి, వాటికి ఇన్‌వాయిస్‌లు ఉన్నాయా అని చూస్తే పని తలకిందులవుతుంది. ఎందుకంటే సరుకే కదలని దొంగ అమ్మకానికి ఆ ఫైల్లో చలాన్ ఉండకపోవచ్చు, అప్పుడు అది మన చేతికి చిక్కే అవకాశమే లేదు. చలాన్ నుంచి ఇన్‌వాయిస్ వైపు వెళ్లే పరీక్ష వేరే ప్రశ్నకు పనికొస్తుంది: వెళ్లిన సరుకుకి బిల్లు వేయకుండా దాచారా అని. రెండూ అవసరమే, కానీ ఒకటి చేసి రెండోది కూడా చేసినట్టు రాసుకోవడం చాలా చోట్ల కనిపించే లోపం.

ఇక ఎన్ని ఇన్‌వాయిస్‌లు? అమ్మకాల్లో 90 లక్షల వరకు తప్పున్నా లెక్కలు చదివేవాళ్లు దారి తప్పరని ఆడిటర్ నిర్ణయించారనుకోండి. కంపెనీ లోపలి కట్టుబాట్ల మీద, ఇతర పరీక్షల మీద ఏ భరోసా లేకపోతే ఆ 90 లక్షలను 3తో భాగిస్తారు. కొంత భరోసా ఉంటే 1.5తో. ఇక్కడ రెండోది తీసుకుంటే 60 లక్షలు వస్తుంది. ఏడాది అమ్మకాలను వరసగా కూడుకుంటూ పోయి, ప్రతి 60 లక్షలకు ఒకసారి ఆ రూపాయి ఏ ఇన్‌వాయిస్‌లో పడిందో దాన్ని పక్కన పెట్టాలి. మొదటి రూపాయిని మాత్రం ర్యాండమ్‌గా ఎంచుకోవాలి. ఇలా 100 ఇన్‌వాయిస్‌లు వస్తాయి. పెద్ద ఇన్‌వాయిస్‌లో రూపాయలు ఎక్కువ కాబట్టి అది దొరికే అవకాశం కూడా ఎక్కువ. అమ్మకాలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించారేమో అన్న అనుమానానికి ఈ పద్ధతి బాగా సరిపోతుంది.

ఇంతవరకు చాలామంది బాగానే చేస్తారు. ఆడిట్ దెబ్బతినేది ఈ తర్వాత. ఎంచుకున్న 100 నంబర్ల జాబితాను అకౌంట్స్ విభాగానికి మెయిల్ చేస్తారు. రెండు రోజుల తర్వాత జిరాక్స్ కాపీల ఫైల్ ఒకటి వస్తుంది. ప్రతి ఇన్‌వాయిస్ వెనక చలాన్, గేటు పాస్, సరుకు రవాణా కోసం పోర్టల్‌లో తీసే ఈ-వే బిల్లు పిన్ చేసి ఉంటాయి. ఆడిటర్ దగ్గర సీఏ శిక్షణలో ఉన్న, ఆర్టికల్ చేస్తున్న కుర్రాళ్లు కూర్చుని టిక్కులు పెడతారు. నా అభిప్రాయంలో ఇది సరుకు వెళ్లిందా అన్న పరీక్షే కాదు. బిల్లు వేసినవాళ్లే సాక్ష్యాన్ని కూడా తెచ్చి ఇస్తున్నారు, పైగా రెండు రోజుల గడువుతో.

ఆ కాగితాల్లో ఏది ఎవరి చేతి నుంచి పుట్టిందో విడదీసి చూడాలి. ఇన్‌వాయిస్, చలాన్, గేటు పాస్ మూడూ కంపెనీ సొంతంగా చేసుకునేవి. ఈ-వే బిల్లు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. ప్రభుత్వ పోర్టల్ నుంచి వచ్చింది కాబట్టి గట్టి సాక్ష్యం అనుకుంటారు. దాన్ని నింపేది ఎక్కువగా అమ్మేవాళ్లే. సరుకు వివరాలు పార్ట్ ఏలో, లారీ నంబరు పార్ట్ బీలో వాళ్లే రాస్తారు. దారిలో ఎవరూ ఆపి తనిఖీ చేయకపోతే, సరుకు కదులుతుందని ఒకరు చెప్పిన మాట తప్ప అందులో ఇంకేమీ లేదు. పోర్టల్‌లో తీసిన బిల్లును 24 గంటల్లోపు రద్దు కూడా చేసుకోవచ్చు. అందుకని ప్రింటు కాగితం చూసి ఊరుకోకుండా, పోర్టల్ తెరిపించి ఆ బిల్లు ఇంకా బతికే ఉందా అని చూడాలి.

బయటి చేతులు తాకిన కాగితాలు మూడు. బయటి కాటాలో తూకం వేసిన చీటీ, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఇచ్చే లారీ రసీదు అంటే ఎల్.ఆర్., కొన్నవాళ్లు సరుకు దించుకుని ముద్ర వేసి తిప్పి పంపిన కాపీ. అసలు పరీక్ష వీటి మీదే జరగాలి.

మన 100లో ఒక ఇన్‌వాయిస్ చూద్దాం. మార్చి 29 తేదీ. బరంపురంలోని ఒక పార్టీకి 25 టన్నుల టి.ఎం.టి. రాడ్లు, టన్ను 55 వేల చొప్పున 13.75 లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ. సరుకు పార్టీ ఊరికి చేర్చాల్సిన బాధ్యత కంపెనీదే. చలాన్ ఉంది, గేటు పాస్ ఉంది, ఈ-వే బిల్లు ఉంది, ఎల్.ఆర్. ఉంది, కాటా చీటీ కూడా ఉంది. ముద్ర వేసిన కాపీ మాత్రం లేదు. "సార్, ఆ ఫైల్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఉండిపోయింది, దీని బదులు ఇంకోటి తీసుకోండి, అంతా పక్కాగా ఉంది" అంటారు అకౌంటెంట్.

ఆ మాటకు ఒప్పుకుంటే మొత్తం శాంపిల్‌కు విలువ పోతుంది. ఎంచుకున్న ఇన్‌వాయిస్‌ను మార్చే స్వేచ్ఛ కంపెనీకి ఇస్తే, దొరకాల్సినవి దొరకవు. శాంపిలింగ్ ప్రమాణం ఎస్.ఏ. 530 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఎంచుకున్న దాని మీద పరీక్ష చేయలేకపోతే, తగిన వేరే పరీక్షతో తేల్చాలి. అదీ కుదరకపోతే దాన్ని తప్పుగానే లెక్కవేయాలి.

కాబట్టి ఆడిటరే బయలుదేరాలి. మొదట కాటా దగ్గరికి. చీటీ మీద మార్చి 29 తేదీ ఉంది, వరస నంబరు 4318. కాటా యజమాని రికార్డులో చూస్తే ఏప్రిల్ 3 ఉదయం మొదటి చీటీ నంబరు 4290. అంటే మార్చి 29 చీటీ ఏప్రిల్ 3కి ముందు పుట్టే అవకాశమే లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ లారీకి ఈ కంపెనీ దగ్గరున్న చీటీలన్నీ పక్కపక్కన పెడితే, ఖాళీ బండి బరువు ప్రతిసారీ కిలో తేడా లేకుండా ఒకటే. నిజంగా కాటా ఎక్కే లారీ బరువు అలా ఉండదు. ట్యాంకులో డీజిల్, తాళ్లు, టార్పాలిన్, క్యాబిన్‌లో మనుషులు, వీటన్నిటితో ప్రతి ట్రిప్పుకూ కొంత మారుతుంది. అంకె అసలు మారలేదంటే ఎవరో పాతది చూసి కొట్టారన్న అనుమానం రావాలి.

తర్వాత లారీ. వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఆ నంబరు పన్నెండు చక్రాల బండిదే, 25 టన్నులు మోయగలదు. ఇది చిన్న తనిఖీలా కనిపిస్తుంది కానీ వదలకూడదు. బిహార్ దాణా కుంభకోణంలో టన్నుల కొద్దీ సరుకు మోశాయని చూపించిన వాహనాల్లో స్కూటర్లు కూడా ఉన్నాయన్నది దేశమంతా విన్నదే. మన లారీకి ఆ ఇబ్బంది లేదు. అయితే లెడ్జర్‌లో అదే నంబరు మార్చి 30 ఉదయం రాజమహేంద్రవరంలో సరుకు దించినట్టు మరో ఇన్‌వాయిస్ ఉంది. బరంపురం ఇటు ఉత్తరాన దాదాపు 260 కిలోమీటర్లు, రాజమహేంద్రవరం అటు సుమారు 190. ఒక్క రాత్రిలో ఒక లారీ రెండు చోట్లా సరుకు దించలేదు. లారీ యజమానిని అడిగి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తెప్పిస్తే, ఆ రాత్రి బండి దాటింది నక్కపల్లి దగ్గరి వేంపాడు టోల్. బరంపురం దారిలోని నాతవలస టోల్ దాటిన జాడ లేదు.

ఇంతలో అకౌంటెంట్ ఒక బలమైన కాగితం తెస్తారు. ఏప్రిల్ 24న 16.22 లక్షలు బ్యాంకులో జమ అయ్యాయి. డబ్బు వచ్చాక ఇంకేం అనుమానం అని అడుగుతారు. నిజానికి డబ్బు రావడం మంచి సాక్ష్యమే, చాలా సందర్భాల్లో. కానీ ఎవరి ఖాతా నుంచి వచ్చిందో చూడాలి. కొన్నది బరంపురం పార్టీ, డబ్బు పంపింది ఇంకో సంస్థ. రెండు రోజుల ముందు, ఏప్రిల్ 22న, కంపెనీ అదే సంస్థకు సరుకు కొనుగోలు అడ్వాన్స్ పేరుతో అంతే మొత్తం పంపింది. సొంత డబ్బే చుట్టు తిరిగి అమ్మకం సొమ్ముగా ఇంటికొచ్చింది.

ఈ దారిలో సత్యం కంప్యూటర్స్ గుర్తుకు రాక మానదు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో బయటపడిన ఆ వ్యవహారంలో దర్యాప్తు సంస్థలు 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లను లెక్కతేల్చాయి. పని చేసి ఇచ్చే విభాగాల వాళ్లకు అవి కనపడకుండా సిస్టమ్‌లోనే దాచారు. అక్కడ లారీ లేదు, కాటా లేదు. అయినా అడగాల్సిన మనిషి ఒకరే. బిల్లు వేసినవాళ్లను కాదు, పని చేసి ఇచ్చినవాళ్లను అడగాలి. గాజువాకలో ఆ మనిషి గేటు దగ్గర రిజిస్టర్ రాసే సెక్యూరిటీ, లేదా లారీ డ్రైవర్.

గేటు రిజిస్టర్‌కు ఒక పరిమితి ఉందని కూడా చెప్పాలి. ఇనుము వ్యాపారంలో చాలా సరుకు ట్రేడర్ గోడౌన్‌కు రాకుండానే ఉక్కు ప్లాంటు నుంచి నేరుగా కొన్నవాళ్ల దగ్గరికి పోతుంది. అలాంటి అమ్మకానికి ట్రేడర్ గేటులో ఏమీ ఉండదు. ఉండకపోవడం తప్పూ కాదు. అప్పుడు ప్లాంటు లోడింగ్ చీటీ, అక్కడి తూకం చూడాలి. కొన్న పార్టీ నుంచి ఉత్తరం ద్వారా ధ్రువీకరణ తెప్పించుకోవచ్చు, కానీ ఆ ఉత్తరం పంపేదీ, జవాబు అందుకునేదీ ఆడిటరే అయ్యుండాలి. పార్టీ మెయిల్ అడ్రస్‌ను కంపెనీని అడిగి తీసుకుంటే ఆ జవాబును నమ్మలేం.

ఇప్పుడు ఆ ఒక్క ఇన్‌వాయిస్ లెక్క ఏమవుతుంది? తప్పు 13.75 లక్షలే కదా, 90 లక్షల లోపే కదా అని వదిలేయలేం. అది 60 లక్షల అమ్మకాలకు ప్రతినిధిగా వచ్చిన ఇన్‌వాయిస్. మొత్తం అబద్ధమైతే ఆ 60 లక్షలూ అబద్ధమేనని అంచనా వేయాలి. శాంపిల్‌లో సహజంగా ఉండే అనిశ్చితికి కొంత కలిపితే 90 లక్షలు దాటిపోతుంది. పైగా ఇది చేతి పొరపాటు కాదు, తయారుచేసిన తప్పు. అందుకే శాంపిల్‌కు బయట, మార్చి చివరి పది రోజుల ఇన్‌వాయిస్‌లు, అమ్మకాన్ని వెనక్కి తీసుకుంటూ ఏప్రిల్, మే నెలల్లో ఇచ్చిన క్రెడిట్ నోట్లు, అదే లారీ నంబరున్న అమ్మకాలు అన్నీ విప్పి చూడాలి. ఇలా అనుమానంతో ఏరి చూసినవాటి ఫలితాన్ని మాత్రం మొత్తానికి అంచనా వేయడానికి వాడకూడదు, అవి ర్యాండమ్‌గా వచ్చినవి కావు.

మన ఉదాహరణలో అలా చూస్తే ఇలాంటివే మరో మూడు బయటపడ్డాయనుకుందాం, నాలుగూ కలిపి 55 లక్షలు. ఆ అమ్మకాలనూ వాటి మీద చూపిన బాకీలనూ లెక్కల నుంచి తీసేయమని ఆడిటర్ అడగాలి. కంపెనీ ఒప్పుకోకపోతే నివేదికలో ఆ సంగతి రాయాలి. ఒప్పుకున్నా పని ముగియదు. కంపెనీ చట్టం సెక్షన్ 143(12) కింద మోసం విలువ కోటి, అంతకు పైన ఉంటే కేంద్ర ప్రభుత్వానికి తెలపాలి. కోటి లోపు ఉంటే తెలిసిన రెండు రోజుల్లోపు ఆడిట్ కమిటీకి, అది లేకపోతే బోర్డుకు తెలపాలి. 55 లక్షలు కాబట్టి ఇది బోర్డు దగ్గరికి వెళ్తుంది. ఆ ఉత్తరంలో కాటా నంబర్లు, టోల్ రికార్డు, తిరిగొచ్చిన 16.22 లక్షల దారి, తేదీలతో సహా ఉండాలి.