ఫాస్ట్ చార్జింగ్ ఆగిపోయిందా? బోర్డు మార్చే ముందు కేబుల్ చూడండి

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే మా బంధువుల అబ్బాయి ఫోన్‌కి 80 వాట్ల చార్జర్ వచ్చింది. బస్సులో కేబుల్ పోగొట్టుకున్నాడు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక కేబుల్, '65 వాట్స్' అని రాసున్న రెండు పోర్టుల అడాప్టర్ కొన్నాడు. అంతకుముందు ముప్పావుగంటలో నిండే ఫోన్‌కి ఇప్పుడు రెండున్నర గంటలు పడుతోంది. పాత అడాప్టర్‌కి కొత్త కేబుల్ తగిలించినా అంతే. "వేరే చార్జర్ పెట్టావు, చార్జింగ్ బోర్డు పోయింది" అన్నారు రిపేర్ షాపులో.

నేను ఆ మాట నమ్మలేదు. ఆ రెండున్నర గంటల్లోనే జవాబుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-అవర్లు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లతో ఎక్కిస్తే వృథా పోను దాదాపు అంత సమయమే పడుతుంది. ఫోన్ మామూలు వేగంతో నిలకడగానే చార్జ్ అవుతోందన్నమాట. బోర్డు పాడైతే చార్జింగ్ ఎక్కువగా వస్తూ పోతూ ఉంటుంది, లేదా అసలు ఎక్కదు.

ఏ అడాప్టరైనా మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోన్ అడిగి, అడాప్టర్ ఒప్పుకున్నాకే పవర్ పెరుగుతుంది. ఆ సంభాషణకి పద్ధతులు చాలా ఉన్నాయి, వాటినే ప్రోటోకాల్స్ అంటాం. అందరికీ ఉమ్మడిగా ఉన్న పీడీ, అంటే పవర్ డెలివరీ ప్రోటోకాల్ టైప్-సీలోని సీసీ అనే తీగ మీద నడుస్తుంది. కొన్ని కంపెనీలు సొంత ప్రోటోకాల్ పెట్టుకుని, కేబుల్‌లోనూ ప్రత్యేక ఏర్పాటు చేస్తాయి. అది కనబడకపోతే ఫోన్ జాగ్రత్తగా మామూలు వేగానికి దిగిపోతుంది.

అబ్బాయి కొన్నది ఏ-టు-సీ కేబుల్, అంటే అడాప్టర్ వైపు వెడల్పాటి టైప్-ఏ, ఫోన్ వైపు టైప్-సీ. కొత్త అడాప్టర్‌లో 65 వాట్లు సీ పోర్టుకే. టైప్-ఏ పోర్టులో సీసీ పిన్నే ఉండదు కాబట్టి ఆ కేబుల్ మీద పీడీ నడిచే అవకాశమే లేదు. పాత అడాప్టర్‌కేమో తన కంపెనీ కేబుల్ కావాలి. ఒక్క కేబుల్ వల్ల రెండు అడాప్టర్లూ నెమ్మదించాయి. అదే మోడల్ ఉన్న స్నేహితుడి కేబుల్ తెచ్చి పాత అడాప్టర్‌కి పెట్టగానే వేగం తిరిగొచ్చింది.

ఫోన్ విప్పే ముందు రిపేర్ షాపు చేయాల్సిన పరీక్ష ఇదే, రెండు నిమిషాల పని. అది చేయకుండా బోర్డుకి డబ్బులడగడం అన్యాయం. డబ్బా మీద వాట్లు మాత్రమే పెద్దక్షరాల్లో వేయడమూ కొనేవాళ్లని తప్పుదారి పట్టించడమే. ఏ పోర్టుకి ఎన్ని వాట్లు, ఏ ప్రోటోకాల్ అన్నది కూడా అంతే స్పష్టంగా ఉండాలి. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫాస్ట్ చార్జింగ్ ఫోన్లకు పీడీ తప్పనిసరి చేశారు. మనకూ అలాంటి నియమం కావాలి.

పరీక్ష చేసేటప్పుడు బ్యాటరీ సగం లోపు ఉండాలి, ఫోన్ చల్లగా ఉండాలి. నిండే కొద్దీ, వేడెక్కే కొద్దీ ఫోన్ తనంతట తనే వేగం తగ్గిస్తుంది. కంపెనీ అడాప్టర్, కంపెనీ కేబుల్ రెండూ పెట్టినా నెమ్మదిగానే ఉంటే ముందు పోర్టులో చేరిన దుమ్ము, నూలు తీయించండి. అప్పటికీ మారకపోతే బోర్డుని అనుమానించవచ్చు.