‘చివరగా’ గారికి, నల్లగొండ నుంచి

గౌరవనీయులైన ‘చివరగా’ గారికి,

నమస్కారాలు. మొన్న ఆదివారం మిర్యాలగూడ రోడ్డులోని ఫంక్షన్ హాల్లో వ్యాసరచన పోటీ బహుమతుల సభకు తమరు విచ్చేశారు. ఒకసారి కాదు, ఆరుసార్లు. నేను వెనక వరుసలో కూర్చుని ఆహ్వాన పత్రిక మీద గీతలు గీసి మరీ లెక్కపెట్టాను.

ఒంటిగంట పదికి ముఖ్య అతిథి “చివరగా ఒక్క మాట” అన్నారు. హాలంతా కదిలింది. ఆడవాళ్లు చేతిసంచులు సర్దుకున్నారు, నా పక్కాయన కుర్చీ కింద కాలితో చెప్పులు వెతుక్కున్నాడు, బయట వంటాయన బగారా గంజు మీద మూత తీశాడు. ఆ ఒక్క మాట పావుగంట సాగింది. తర్వాత “చివరగా ఇంకో విషయం” అన్నారు. వంటాయన మూత పెట్టాడు. “ముగించే ముందు” అన్నారు, మళ్లీ తీశాడు. రెండుం పావుకు ఆరోసారి తమరి పేరు వినబడ్డప్పుడు ఆయన గంజు వైపు కూడా చూడలేదు, స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

చల్లారిన బగారా గురించి ఈ ఉత్తరం రాయడం లేదు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన మా తొమ్మిదో తరగతి అమ్మాయి, మొదటి బహుమతి పిల్ల, తన వ్యాసం చదవాల్సి ఉంది. వాళ్లమ్మ రెండుసార్లు లేచి నన్ను అడిగింది: “సారూ, అయిపోతదా? రెండున్నర బస్సు పోతే మళ్ల చీకటి పడతది.” “చివరగా అన్నారు కదమ్మా, అయిపోయినట్టే” అని రెండుసార్లూ తమరి మాట నమ్మి నేను హామీ ఇచ్చాను. మూడోసారి ఆమె నన్నేమీ అడగలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వ్యాసం చివరి పేరా కోసం ఆ పిల్ల మూడు రోజులు కష్టపడింది. మొదట తెచ్చిన చిత్తుప్రతిలో తమరి తమ్ముడు ‘ముగింపుగా’ ఉన్నాడు. “ముగింపుగా, పై విషయాలను బట్టి ఫ్లోరైడ్ ఒక తీవ్రమైన సమస్య అని, ప్రభుత్వం, ప్రజలు కలిసి దీన్ని ఎదుర్కోవాలని చెప్పవచ్చు.” తప్పు లేదు. ‘ఫ్లోరైడ్’ అన్నచోట ‘ప్లాస్టిక్’ అని రాసినా తప్పు లేదు, ‘ట్రాఫిక్’ అని రాసినా లేదు. తమరి కుటుంబం దిగిన పేరాని నేను గుర్తుపట్టేది ఇలాగే. విషయం పేరు మార్చి చూస్తాను. వాక్యం చెక్కుచెదరకపోతే అందులో సరుకు లేనట్టు.

“ముగింపు తీసేయమ్మా” అన్నాను. మర్నాడు ‘సారాంశంగా’ అని రాసుకొచ్చింది. అదీ కొట్టేశాను. ‘ఈ విధంగా’ అని తెచ్చింది. “ఏ విధంగా?” అంటే ఏడుపు మొహం పెట్టింది. “ముగింపు అంటే ముగింపు అని రాయాలె గద సార్, లేకపోతే అయిపోయిందని ఎట్ల తెలుస్తది?” అంది. కాగితం కింద ఖాళీ చూపించాను. చదివేవాడికి కళ్లున్నాయి, ఇదే ఆఖరి పేరా అని వాడికి కనబడుతూనే ఉంటుంది. తెలియాల్సింది వేరే. ఇంత చదివించావు, అయితే ఏమిటి?

ఆ పిల్ల వ్యాసం మొదలయ్యేదే వాళ్ల నాయనమ్మ వంగిపోయిన నడుంతో. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదనీ, ఏండ్ల తరబడి దాటిన నీళ్లు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయనీ, అలా బిగిసినవాటిని మళ్లీ సరిచేసే మందు లేదనీ నడుమ రాసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లు తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు తయారుచేస్తే దానికి మన నల్లగొండ పేరే పడిందని కూడా రాసింది. ఇదంతా చదివినవాడికి మళ్లీ “ఫ్లోరైడ్ తీవ్రమైన సమస్య” అని చెప్పడమంటే వాడు నిద్రపోయాడని అనుమానించడమే.

“ఇంతకీ మీ నాయనమ్మ ఏమైంది?” అని అడిగాను. ‘ఇంతకీ’ మన భాషలో భలే మాట. వదిలేసిన దారం కొసను తెచ్చి చేతిలో పెడుతుంది. తమరి కుటుంబంలో ఇలాంటివాళ్లు ఒక్కరూ లేరు. ‘అందుకే’ ఒక కారణానికి ఫలితం అడుగుతుంది. ‘అంటే’ అర్థం విప్పమంటుంది. ‘మొత్తం మీద’ రెండు వైపులా తూచినప్పుడే పనికొస్తుంది, తూకం వెయ్యకుండా వాడితే ఉత్త తక్కెడ ఊపడమే. ‘ఏది ఏమైనా’ మాత్రం దుర్మార్గుడు, అంతదాకా రాసిన వాదనంతా ఒక్క ఊపులో కాలవలో పోస్తాడు. ఏ మాట పెట్టాలన్నది చివరి వాక్యం చేసే పనిని బట్టి ఉంటుంది. పనే లేనప్పుడు తమరిని తీసేసి ‘వెరసి’ పెట్టినా, ‘తుదకు’ పెట్టినా ఒకటే.

మూడో రోజు ఇలా రాసుకొచ్చింది: “నాయనమ్మ నడుం ఇంక నిలబడదు. మా తమ్మునికి ఏడేండ్లు. వాని బిందెలో ఏ నీళ్లు పడుతున్నాయో పొద్దున్నే చూసే పని నాది.”

అంతే. నేను ఎర్ర పెన్ను మూత పెట్టేశాను. ఏ గ్రంథమైనా ఏం చెప్పదలచుకుందో తేల్చడానికి మన మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. అందులో మొట్టమొదటిది ఉపక్రమోపసంహారాలు, అంటే మొదలూ చివరా కలవడం. ఈ పిల్ల మీమాంస చదవలేదు. నాయనమ్మ నడుం దగ్గర మొదలుపెట్టి తమ్ముడి బిందె దగ్గర ఆగింది. ఏ కలిపే మాటా లేకుండానే ‘అందుకే’ వినబడింది.

తమరికి అన్యాయం చెయ్యను. పరీక్షలో అయిదు నిమిషాలే మిగిలినప్పుడు, పిల్లవాడు కొసదాకా వచ్చాడని దిద్దేవాడికి చెప్పేది తమరే. నలభై పేజీల నివేదికలో మొదటి అధ్యాయం మర్చిపోయినవాడికి సారాంశం ఇవ్వాల్సిందే. ఉపన్యాసానికైతే తమరి అవసరం ఇంకా ఎక్కువ. వినేవాడికి కింద ఎంత కాగితం మిగిలిందో కనబడదు కాబట్టి గుర్తు ఇవ్వాలి. హరికథలో మంగళం ఎత్తుకోగానే పిల్లలు కూడా లేచి బట్టలు దులుపుకునేవాళ్లు, ఎందుకంటే మంగళం పాడాక దాసుగారు మళ్లీ కథలోకి వెళ్లేవాడు కాదు. తమరిని ఒక్కసారే పిలిచి నిమిషంలో కూర్చుంటే నేనూ చప్పట్లు కొడతాను. “కూర్చునే ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను” అని నిజంగా ఒకటే అడిగి కూర్చుంటే ఇంకా గట్టిగా కొడతాను.

కానీ నువ్వు అలా ఎప్పుడైనా ఉన్నావా? నువ్వు ముగింపువి కాదు, మైకు వదలడం ఇష్టంలేనివాడు తీసుకునే వాయిదావి. ఆదివారం ఆరుసార్లు అబద్ధం ఆడావు. ఆ ఆరులో అయిదు తీసేసినా చాలు, ఆ మూడు వాక్యాలు ఆ హాల్లో వినబడేవి. పిల్ల పేరు పిలిచినప్పుడు నేను స్టేజీ ఎక్కి “బస్సుకు పోయింది” అని చెప్పాల్సి వచ్చింది. అందరూ నవ్వారు. ముఖ్య అతిథి గారు కూడా నవ్వి, మైకు దగ్గరికి జరిగి, “ఈ సందర్భంగా చివరగా” అన్నారు. ఏడోసారి.

సర్టిఫికెట్, షీల్డు నా టేబుల్ మీద ఉన్నాయి. రేపు పొద్దున ప్రార్థనలో ఆ పిల్ల చేతే వ్యాసం చదివిస్తాను. మైకు ఉండదు. తమరు రానక్కర్లేదు.

ఇట్లు,
ఒక తెలుగు పంతులు